ఆటో అని వదిలేసిన గడి

నేను పనిచేసే హాల్లో మనుషులుండరు. నాలుగు వందల సర్వర్లు, వాటి ఫ్యాన్ల హోరు, ఒక వరసలో చలి, పక్క వరసలో వేడి, మధ్యలో చెవుల్లో స్పాంజి బిళ్ళలు కుక్కుకుని నేను. పదకొండేళ్ళుగా ఇదే ఉద్యోగం. తలుపు దగ్గర కార్డు చూపించి లోపలికి వచ్చానంటే సాయంత్రం దాకా నన్ను పలకరించేది చేయాల్సిన పనులు చూపించే టికెట్ల తెర ఒక్కటే. అదీ పేరు పెట్టి పిలవదు, హాల్-రెండు ఆపరేటర్ అంటుంది.

మా ఆయన ఉన్నప్పుడు ఈ మౌనం నాకు హాయిగా ఉండేది. ఇంటికెళ్తే ఆయన ఒక్క నిమిషం నోరు మూసేవాడు కాదు కాబట్టి పగలంతా ఫ్యాన్ల హోరు నాకు విశ్రాంతి. ఆయన పోయి పద్నాలుగు నెలలయింది. ఇప్పుడు ఇంట్లోనూ హాలే. ఒక్క కంచం కడుక్కోవడం, ఒక్క గ్లాసు బోర్లించడం, టీవీ పెట్టుకుని దాని వైపు చూడకపోవడం. బాగానే ఉన్నానని అందరికీ చెప్తున్నాను. అడిగేవాళ్ళు తగ్గిపోయారు కాబట్టి చెప్పే పనీ తగ్గింది.

హాల్లో ఏడో వరస, మూడో ర్యాకులో ఒక సర్వరుంది. అది ఒక చిన్న సంస్థ అద్దెకు తీసుకున్నది. చివరి రోజుల్లో ఉన్న రోగులు తమవాళ్ళకి చెప్పాలనుకున్న మాటల్ని ఆ సంస్థ రికార్డు చేసి దాస్తుంది. రోగి చెప్పిన తేదీ నాడు, రోగి చెప్పిన మనిషిని వెతికి పట్టుకుని ఆ మాట అందిస్తుంది. అంతకుముందు ఎవ్వరూ వినకూడదు. సంస్థవాళ్ళు కూడా. ముఖ్యంగా మాలాంటి వాళ్ళు, అంటే సర్వరు మా చేతిలో ఉన్నవాళ్ళు. కంచే చేను మేస్తే అన్న భయం వాళ్ళది. తప్పు పట్టను. మామూలు ఏర్పాటులో సర్వరు నడిపేవాడు తల్చుకుంటే దాని మీద నడిచే అద్దె యంత్రాల, అంటే సర్వరు లోపల సాఫ్ట్‌వేరుతో కట్టిన కంప్యూటర్ల, మెమరీలో ఏముందో తొంగి చూడొచ్చు. అందుకని వాళ్ళది గుప్త యంత్రం. దాని మెమరీ అంతా ప్రాసెసర్ తన దగ్గరున్న తాళంతో గిలికి పెడుతుంది. నేను తొంగి చూసినా కనిపించేది చెత్తే. అందులో ఒక్క పేజీ, అంటే మెమరీలో ఒక చిన్న ముక్క, మార్చబోయినా ప్రాసెసర్ ఒప్పుకోదు.

ఆ యంత్రంలో మా ఆయన గొంతుంది. పదకొండు నిమిషాలు. అది నాకు కాదు.

ఆయనకి మొదటి పెళ్ళిలో ఒక కూతురు. పిల్లకి మూడేళ్ళప్పుడు విడిపోయారు. తల్లి పిల్లని తీసుకుని దూరంగా వెళ్ళిపోయింది, మళ్ళీ కబురు లేదు. నేను ఆయన జీవితంలోకి వచ్చింది ఆ తర్వాత తొమ్మిదేళ్ళకి. మాకు పిల్లలు పుట్టలేదు. ఆస్పత్రిలో ఆఖరి నెలలో ఒక మధ్యాహ్నం, మందు సరిగ్గా పనిచేసి గొంతు తేటగా ఉన్న ఒకే ఒక మధ్యాహ్నం, ఆయన నన్ను బయట కూర్చోమని, ఆ కూతురి కోసం ఆ రికార్డింగు చేయించాడు. నేను వరండాలో బెంచీ మీద కూర్చుని గోడకున్న మంటలార్పే సిలిండరు మీది సూచనలు మొత్తం చదివాను. ఆయన బయటికొచ్చేసరికి మళ్ళీ దగ్గు మొదలైంది. నాకు మిగిలింది ఆ దగ్గే.

"మీ హాల్లోనే దాస్తారట. నీ కాపలాలోనే ఉంటుంది," అన్నాడు, నన్ను సంతోషపెడుతున్నాననుకుని.

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. చచ్చిపోయే మనిషి మీద కోపం చూపించలేం కదా. సరే అన్నాను.

ఆయన పోయాక చాలా నెలలకి, ఒక సోమవారం. ఆ సర్వరుకి ఫర్మ్‌వేరు కొత్తది వేయాలి, అంటే సర్వరు లేవగానే ముందు నడిచే మూల ప్రోగ్రాము. భద్రతకి సంబంధించిన అప్‌డేటు, తప్పదు. పొద్దున తొమ్మిదికి సంస్థవాళ్ళ యంత్రాన్ని మర్యాదగా ఆపాను, కొత్త ఫర్మ్‌వేరు వేశాను. ఈ కొత్త వెర్షన్లో మెనూలన్నీ మార్చేశారు. అందువల్ల పాత సెట్టింగులు నిలవలేదు, అన్నీ ఫ్యాక్టరీలో ఉన్నట్టే అయిపోయాయి. ఇది నాకు ముందే తెలుసు. నా దగ్గర కాగితం ఉంది. కాగితం చూస్తూ ఒక్కొక్కటీ మళ్ళీ పెట్టాను. మెమరీ గుప్తీకరణ, ఆన్. పరికరాలు మెమరీని ఇష్టమొచ్చినట్టు తాకకుండా ఆపే ఐఓఎంఎంయూ, ఆన్. మెమరీలో ఏ పేజీ ఎవరిదో ప్రాసెసర్ రాసుకునే పట్టిక, దానికి చోటు కేటాయింపు, ఆన్. ఎస్ఎన్‌పీ, అంటే ఒక్క పేజీ కూడా మార్చనివ్వని ఆ కఠినమైన రకం కాపలా, ఆన్. కాగితం మీద ఆఖరి వరస దగ్గర 'హద్దు: 100' అని నా రాతే ఉంది. ఆ హద్దు అన్న గడి మెనూలో ఎక్కడా కనిపించలేదు. దాని చోట 'హద్దు నియంత్రణ: ఆటో' అని ఉంది. కొత్త వెర్షన్ కదా, అదే చూసుకుంటుంది కాబోలనుకున్నాను. సేవ్ చేసి బయటికొచ్చాను.

పదకొండేళ్ళ అనుభవం ఉన్న మనిషి చేసే తప్పు అది. కొత్తగా చేరినవాళ్ళయితే గడి కనిపించలేదని భయపడి ఎవర్నో ఒకర్ని అడిగేవాళ్ళు.

సర్వరు లేచింది. సంస్థవాళ్ళ యంత్రం మాత్రం లేవలేదు. ఈ సర్వరు మీద కఠిన రకం గుప్త యంత్రాలు నడవవని ఒక్క ముక్కలో చెప్పి ఆగిపోయింది. రెండోసారీ అంతే. నేను మూడోసారి ప్రయత్నించేలోపే వేరే భవనంలో ఉన్న మా సూపర్‌వైజరుకి అలారం వెళ్ళింది. ఆయన నాకంటే పదిహేనేళ్ళు చిన్న, మంచివాడే. తొందర ఒక్కటే రోగం. సర్వరు తనకేం జరిగిందో రాసుకునే లాగ్‌ని దాన్ని తయారుచేసిన కంపెనీవాళ్ళకి పంపాడు. వాళ్ళు చూసి, సెట్టింగులన్నీ సరిగ్గా ఉన్నాయని మీ ఆపరేటరు రాశారు, ఇక ప్రాసెసర్‌లోని భద్రతా భాగమే పోయి ఉంటుంది, మారుస్తాం అన్నారు. అన్నీ సరిగ్గా ఉన్నాయని రాసింది నేనే.

"మేడమ్, మూడింటికి వాళ్ళ మనిషి కొత్త ప్రాసెసర్ తీసుకుని వస్తున్నాడు. సర్వరు ముట్టుకోకండి, లాక్ చేశాను," అన్నాడు సూపర్‌వైజరు ఫోన్లో.

"ప్రాసెసర్ మారిస్తే సంస్థవాళ్ళ డేటా?"

"డిస్కులు అలాగే ఉంటాయి కదండీ. వాటికేం కాదు."

డిస్కులు ఉంటాయి. తెరుచుకోవు. ఆ సంగతి ఆయనకి తెలీదు, నాకు తెలుసు. ఆ డిస్కు తాళం ఎక్కడా రాసిపెట్టి లేదు. ప్రతి ప్రాసెసర్‌లోనూ తయారీలోనే ఒక రహస్యాన్ని కాల్చి పెడతారు, ఏ రెండింటిలోనూ ఒకటి కాదు. సంస్థవాళ్ళ యంత్రం లేచిన ప్రతిసారీ ప్రాసెసర్‌ని అడిగి, ఆ రహస్యం నుంచి తన తాళం తయారు చేయించుకుంటుంది. ఫర్మ్‌వేరు కొత్తదైనా పాత తాళం ఇవ్వమంటే ఇస్తుంది. ప్రాసెసర్ కొత్తదైతే దేవుడు దిగొచ్చినా ఇవ్వలేదు. రెండో తాళం ఉంటే ఎవరో ఒకరు బెదిరించో బతిమాలో తీసుకుంటారని సంస్థవాళ్ళు దాచుకోలేదు. ఇంకో సర్వరులో కాపీ పెట్టే పని వచ్చే నెలకి అనుకుంటున్నారు.

పన్నెండు దాటాక సంస్థ నడిపే ఆవిడ ఫోన్ చేసింది. రిటైరైన స్కూలు టీచరు, అందరూ టీచరమ్మ అంటారు. ఎప్పుడు మాట్లాడినా హాజరు పట్టీ చూస్తున్నట్టే మాట్లాడుతుంది.

"ఏమ్మా, ప్రాసెసర్ మారుస్తారని మెయిలొచ్చింది. మారిస్తే మాకేం మిగలదని నీకు తెలుసు కదా?"

"తెలుసండీ."

"రెండు వందల ముప్ఫై ఒక్క మంది. అందులో రెండు వందల మంది బతికి లేరు, మళ్ళీ చెప్పించుకోడానికి. నిజంగా చచ్చిపోయిందా ఆ ప్రాసెసర్? చచ్చిపోతే చేసేదేం లేదు, ఏడుస్తాం. ఇంకేదైనా అయితే మాత్రం చెప్పు తల్లీ."

"చూస్తున్నానండీ," అన్నాను.

అప్పటికి నాకు నిజంగానే తెలీదు. ఫోన్ పెట్టేశాక లాగ్‌ని మొదటినుంచి వరస వదలకుండా చదివాను. లాక్ చేసినా చదవడానికి అడ్డు లేదు. ఒంటిగంటన్నరకి దొరికింది. మామూలు రకం గుప్త యంత్రాలకి నంబర్లు ఒకటి నుంచి ఐదొందల తొమ్మిది వరకూ ఉన్నాయి. కఠిన రకానికి సున్నా నుంచి సున్నా.

చూడగానే నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది. ప్రాసెసర్ ప్రతి గుప్త యంత్రం తాళానికీ ఒక నంబరు ఇస్తుంది. ఆ నంబర్లని రెండు రకాల యంత్రాలకీ పంచడానికి ఒక హద్దు పెట్టాలి, బస్సులో ముందు సీట్లు ఒకరికి, వెనక సీట్లు ఇంకొకరికి అన్నట్టు. హద్దుకి కింద ఉన్నవి కఠిన రకానివి. హద్దు వంద అయితే తొంభై తొమ్మిది. ఆటో అని వదిలేస్తే హద్దు ఒకటి. ఒకటికి కింద ఏముంటుంది, నా తలకాయ. నియంత్రణని మాన్యువల్‌కి మారిస్తేనే నంబరు రాసే గడి బయటికొస్తుంది. ప్రాసెసర్ గుండ్రాయిలా ఉంది. పోయింది నా బుద్ధే.

నేనే సరిచేసి ఊరుకుందామంటే కుదరదు. సర్వరు లాక్‌లో ఉంది. మార్పు చేయాలంటే ఫారం నింపాలి, కారణం రాయాలి, సూపర్‌వైజరు ఒప్పుకోవాలి. కిందటేడాది మా ఆయన ఆస్పత్రిలో ఉన్నప్పుడు నేను ఒక తప్పు చేసి ఉన్నాను, తప్పు సర్వరుకి కరెంటు తీశాను. అప్పుడు హెచ్చరిక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. రెండోసారి జరిగితే హాల్లోకి రానివ్వరు. ఈ వయసులో నాకు ఇంకో హాలు దొరకదు. ఈ హోరు తప్ప నాకు వేరే తోడూ లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, చెప్పకపోతే ఈ కథ రాయడమే దండగ. నేను ఆ ఫారం తెరవలేదు. కుర్చీలో కుక్కిన పేనులా కూర్చున్నాను. లెక్క చాలా తేలిగ్గా ఉంది. నేను నోరెత్తకపోతే మూడింటికి ఆ మనిషి వస్తాడు, ప్రాసెసర్ మారుస్తాడు, సెట్టింగులు తన పద్ధతిలో మొదటినుంచి పెడతాడు, హద్దుతో సహా. సర్వరు బ్రహ్మాండంగా నడుస్తుంది. చూశారా, ప్రాసెసరే పోయిందంటారు. నా ఉద్యోగం నాకుంటుంది. ఇంకా, ఇది రాయడానికి సిగ్గేస్తోంది, ఆ పదకొండు నిమిషాలు ఎవరికీ ఉండవు. నాకు దక్కని గొంతు ఆ పిల్లకీ దక్కదు. పదిహేడేళ్ళు ఆయన చొక్కాలకి బొత్తాలు కుట్టింది నేను. ఆఖరి మంచి గంట, మూడేళ్ళప్పుడు చూసిన పిల్లకి.

ఎంతసేపు అలా కూర్చున్నానో గోడ గడియారం చెప్పింది, నలభై నిమిషాలు. మిగతా రెండు వందల ముప్ఫై మంది గురించి ఆలోచించి మారానని చెప్తే బాగుంటుంది, కానీ అలా జరగలేదు. వాళ్ళ గురించి ఆలోచించినా కదల్లేదు. జరిగింది వేరు. ఆయన మీద కోపం ఎగదోసుకుందామని, ఇంట్లో ఆయన ఎలా వాగేవాడో గుర్తు చేసుకోబోయాను. గొంతు రాలేదు. మాటలు వచ్చాయి, గొంతు రాలేదు. వచ్చింది దగ్గే. ఫోన్లో వెతికాను. ఆయనకి ఫోను చూపిస్తే మూతి ముడుచుకునేవాడు, ఉన్న రెండు వీడియోల్లోనూ చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆయన గొంతు ఈ భూమ్మీద ఉన్న చోటు అదొక్కటే, ఏడో వరస, మూడో ర్యాకు. నేను వినకపోయినా అది అక్కడ ఉంది. అది లేకుండా పోతుంటే చూస్తూ ఊరుకోవడం నావల్ల కాదనిపించింది. అదేమంత గొప్ప కారణం కాదు. అయినా నాకున్న కారణం అదే.

సూపర్‌వైజరుకి ఫోన్ చేశాను.

"ప్రాసెసర్‌కేం కాలేదండీ. నేనే హద్దు ఆటోలో వదిలేశాను. వంద పెట్టాలి. అన్నీ సరిగ్గా ఉన్నాయని రాసింది తప్పు, అబద్ధమే అనుకోండి."

అటువైపు ఆయన లేచి తలుపు మూసుకొచ్చిన చప్పుడు వినిపించింది.

"మేడమ్, ఇది రాతలో ఇవ్వాలి. తెలుసు కదా ఏమవుతుందో?"

"తెలుసు. ఇస్తాను. ఆ వచ్చే మనిషిని సర్వరు మూత తీయనివ్వకండి, ముందు అది చేయండి."

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"ఒంటిగంటన్నరకి."

గడియారం ఆయన దగ్గరా ఉంటుంది. రెండూ పది. ఆయన ఇంకేం అడగలేదు, లాక్ తీశాడు.

కంపెనీ మనిషి చెప్పిన టైముకంటే ముందే వచ్చి గేటు దగ్గర పేరు రాస్తున్నాడట. చేతిలో పెట్టెతో లోపలికొచ్చి నా పక్కన నిలబడ్డాడు. నియంత్రణ మాన్యువల్‌కి మార్చాను. గడి బయటికొచ్చింది, అందులో ఒకటి అని ఉంది. వంద కొట్టాను. సేవ్ చేసి రీస్టార్టు చేశాను. అంత మెమరీ ఉన్న సర్వరు ఊరికే లేవదు, మెమరీ స్టిక్కులన్నిటినీ ఒక్కొక్కటిగా పరీక్షించుకుంటూ పావుగంట తీసుకుంటుంది. మేమిద్దరం నల్ల తెర చూస్తూ నిలబడ్డాం.

"లేవకపోతే నా పెట్టె ఉందిలెండి," అన్నాడాయన, ధైర్యం చెప్పడానికి.

"మీ పెట్టె అవతల పెట్టండి బాబూ," అన్నాను.

లేచింది. కఠిన రకానికి ఒకటి నుంచి తొంభై తొమ్మిది అని లాగ్‌లో పడింది. సంస్థవాళ్ళ యంత్రాన్ని లేపాను. అది ప్రాసెసర్‌ని తాళం అడిగింది, ప్రాసెసర్ ఇచ్చింది, డిస్కు తెరుచుకుంది. ఇవేవీ నాకు కనిపించవు, నాకు కనిపించింది ఒక పచ్చ చుక్క. ఐదు నిమిషాలకి టీచరమ్మ ఫోన్ చేసింది. ప్రాసెసర్ సంతకం చేసిన నివేదిక వాళ్ళకి అందింది, సర్వరు ఉండాల్సినట్టే ఉందని సరిపోయింది, ఫైళ్ళన్నీ ఉన్నాయి.

"ఏమైందమ్మా ఇంతకీ?" అంది.

"నా తప్పండీ."

"అలాగా. మొత్తానికి చెప్పావు," అని పెట్టేసింది. శభాష్ అనలేదు. టీచరు కదా, ఆలస్యంగా ఇచ్చిన హోంవర్కు అని కనిపెట్టి ఉంటుంది.

శుక్రవారానికి నా కార్డు హాలు తలుపు తెరవడం మానేసింది. ఉద్యోగం తీసేయలేదు, కింద స్టోర్ గదిలో వేశారు. వచ్చిన కేబుళ్ళకి చీటీలు అంటించడం నా పని. అక్కడ ఫ్యాన్లు లేవు. మొదటి వారం నా చెవుల్లో నిశ్శబ్దం మోగింది. చెవుల బిళ్ళలు అలవాటుకొద్దీ పెట్టుకుని, మళ్ళీ తీసేసేదాన్ని. మాట్లాడేవాళ్ళు అక్కడా లేరు, కేబుళ్ళు తీసుకోడానికి వచ్చేవాళ్ళు చీటీ ఇచ్చి నిలబడతారంతే. చేసినదానికి బాధపడ్డానా అంటే, కొన్ని సాయంత్రాలు పడ్డాను. అబద్ధం ఎందుకు.

నాలుగు నెలల తర్వాత ఒక ఆదివారం పొద్దున తెలియని నంబరు నుంచి ఫోనొచ్చింది. ఆడగొంతు.

"మీరు... మిమ్మల్ని ఏమని పిలవాలో నాకు తెలీదండీ. నాకొక రికార్డింగు వచ్చింది. మా నాన్నదట."

నేను మంచం మీద కూర్చున్నాను. ఆ రోజు ఆ పిల్ల పుట్టినరోజని నాకు తర్వాత తట్టింది.

"చెప్పమ్మా."

"ఆయన గొంతెలా ఉంటుందో నాకు తెలీదు. మూడేళ్ళప్పుడు విన్నదేం గుర్తుంటుంది? పంపినవాళ్ళని అడిగితే, మేమెవరం వినలేదు, ఆ గదిలో ఆయనొక్కరే ఉన్నారు అన్నారు. మిషన్లతో ఎవరి గొంతైనా తయారు చేస్తున్నారు కదా ఈ రోజుల్లో. నమ్మాలో వద్దో తెలీట్లేదు. అందులోనే చివర్లో మీ నంబరు చెప్పారు. ఒకసారి వింటారా? వినిపించనా?"

"వినిపించు."

ఫోను చెవికి అదిమి పెట్టుకున్నాను. పదకొండు నిమిషాలు. తేటగా, దగ్గు లేకుండా, ఇంట్లో అన్నం తింటూ మాట్లాడినట్టే మాట్లాడాడు. పిల్ల మొదటి చెప్పుల రంగు గురించి, వర్షంలో కూలిపోయిన ఒక గోడ గురించి, తను రాసి పోస్టు చేయకుండా చింపేసిన ఉత్తరాల గురించి. ఎక్కువ మాటలు, తక్కువ సంగతి, ఎప్పటిలాగే. నా ప్రస్తావన రాలేదు. రాదని తెలిసీ ఎదురుచూశాను. చివర్లో నా నంబరు ఒక్కో అంకె చెప్పి, "ఇది నేనేనా అని అనుమానమొస్తే ఆవిణ్ణి అడుగు. ఆవిడ చెప్తుంది," అన్నాడు. ఆవిడ ఎవరో చెప్పలేదు.

రికార్డింగు ఆగిపోయింది. ఆ పిల్ల ఊపిరి వినిపిస్తోంది.

"ఆయనేనా అండీ?"

"ఆయనేనమ్మా. మీ నాన్నే."

అటు ఏడుపు మొదలైంది. కాసేపు ఏడవనిచ్చాను. పెట్టేస్తుందేమోనని భయమేసి, "అమ్మా, ఇంకొక్కసారి వినిపిస్తావా?" అన్నాను.

ఏడుపు ఆపుకుంది. "ఏం, మీకేమైనా అనుమానంగా ఉందా?"

"లేదమ్మా," అన్నాను. "అనుమానం లేదు. ఊరికే."